పదకొండు నెలలు మనం, ఒక నెల షాపు: బంగారు స్కీములో అసలు రాబడి ఎంత?

నగల షాపులో నెలవారీ స్కీము గురించి అడిగితే కౌంటర్లో చెప్పేది ఒకే మాట. పదకొండు నెలలు మీరు కట్టండి, పన్నెండో నెల మేం కడతాం. నెలకు 5,000 చొప్పున కడితే మన డబ్బు 55,000, షాపు కలిపేది 5,000, మొత్తం 60,000కు నగ తీసుకోవచ్చు. ఇందులో వడ్డీ అనే మాట ఎక్కడా రాదు. ఏడాదికి ఇంత శాతం అని ఏ కాగితం మీదా ఉండదు. అందుకే ఎవరి లెక్క వారు వేసుకుంటారు. కొందరు అరవై వేలలో ఐదు వేలంటే 8.33 శాతం అంటారు. ఇంకొందరు యాభై ఐదు వేల మీద ఐదు వేలు కాబట్టి 9.09 శాతం అంటారు. ఈ రెండూ ఏడాది రాబడి కావు. అసలు సంఖ్య వీటికన్నా చాలా ఎక్కువ. అయితే నగ కొనే రోజు బిల్లులో అది ఎంతో కొంత తగ్గుతుంది, ఒక్కోసారి సున్నాకే వస్తుంది. పైకి వెళ్లే లెక్క, కిందికి వచ్చే లెక్క రెండూ తెలిస్తేనే స్కీము లాభమో కాదో తేలుతుంది.

ముందు పైకి వెళ్లే లెక్క. 9.09 శాతం అనడంలో పొరపాటు ఏమిటంటే, 55,000 రూపాయలూ ఏడాది పొడవునా షాపు దగ్గర లేవు. జనవరి 1న మొదటి వాయిదా కట్టి, నవంబరు 1న పదకొండోది కట్టి, మళ్లీ జనవరి 1న నగ తీసుకున్నారనుకుందాం. మొదటి వాయిదా షాపు దగ్గర 12 నెలలు ఉంది. రెండోది 11 నెలలు, మూడోది 10 నెలలు. అలా తగ్గుతూ వచ్చి చివరిది 2 నెలలే ఉంది. వీటన్నిటినీ కలిపితే 77 నెలలు. పదకొండు వాయిదాలకు పంచితే సగటున ఒక్కో వాయిదా 7 నెలలు ఉన్నట్టు. అంటే 9.09 శాతం వచ్చింది ఏడాదికి కాదు, ఏడు నెలలకు. దాన్ని ఏడాదికి మారిస్తే 9.09 × 12 ÷ 7, అంటే 15.6 శాతం.

షాపు నగ ఇచ్చే తేదీ ఒక నెల ముందుకు జరిగితే ఈ సంఖ్య గట్టిగా మారుతుంది. కొన్ని స్కీముల్లో పదకొండో వాయిదా కట్టిన నెల తర్వాత, అంటే మన ఉదాహరణలో డిసెంబరు 1నే, నగ తీసుకోవచ్చు. అప్పుడు సగటు కాలం 6 నెలలు, ఏడాది రాబడి 18.2 శాతం. ఇంకొన్ని చోట్ల పెళ్లి ముహూర్తం కోసమో, నచ్చిన డిజైన్ రాలేదనో గడువు దాటాక ఒక నెల ఆగుతారు. అప్పుడు సగటు 8 నెలలై రాబడి 13.6 శాతానికి దిగుతుంది. గడువు దాటాక ఆగిన ప్రతి నెలా షాపుకు వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే, ఎందుకంటే షాపు కలిపే బోనస్ అంతే ఉంటుంది.

ఇదే కారణంతో వాయిదాలు ముందే కట్టేయడం వల్ల కూడా నష్టమే. చేతిలో డబ్బు ఉంది కదా అని రెండు మూడు నెలలవి ఒకేసారి కట్టినా బోనస్ ఒక్క రూపాయి పెరగదు, డబ్బు మాత్రం ఎక్కువ కాలం అక్కడే ఉంటుంది. అలాగని ఆలస్యం చేయడమూ మంచిది కాదు. చాలా స్కీముల నిబంధనల్లో ఒక్క వాయిదా తప్పినా బోనస్ తగ్గుతుంది లేదా పూర్తిగా పోతుంది, గడువు కూడా వెనక్కి జరుగుతుంది. తేదీకి కట్టడమే అన్నిటికన్నా మేలు.

పై లెక్క సాధారణ వడ్డీ పద్ధతిలో వేసినది. చక్రవడ్డీ లెక్కలో కచ్చితంగా కావాలంటే స్ప్రెడ్‌షీట్‌లో రెండు నిమిషాల పని. A1 నుంచి A11 వరకు -5000, A12లో 0, A13లో 60000 వేసి ఈ ఫార్ములా రాయాలి:

```
=(1+IRR(A1:A13))^12-1
```

జవాబు సుమారు 15.9 శాతం వస్తుంది. A12లోని సున్నా పన్నెండో నెలకు గుర్తు, ఆ నెలలో మనం ఏమీ కట్టం. దాన్ని తీసేసి A12లోనే 60000 వేసి పరిధిని A1:A12 అని మారిస్తే ఒక నెల ముందే నగ తీసుకున్న లెక్క వస్తుంది, అది 18.8 శాతం. షాపు బోనస్ పూర్తి వాయిదా కాకుండా అందులో సగమో, ముప్పాతికో అయితే చివరి గడిలో ఆ మేరకు తగ్గించి వేస్తే చాలు. సగం వాయిదా బోనస్ అంటే చివరి సంఖ్య 57500, రాబడి దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి "బోనస్ ఉంది" అనే మాట ఒక్కటే సరిపోదు, ఎంత భాగమో, ఏ తేదీన చేతికి వస్తుందో రెండూ అడగాలి.

ఇప్పటిదాకా చూస్తే బ్యాంకు రికరింగ్ డిపాజిట్ దీని దరిదాపుల్లో కూడా లేదు. అవే వాయిదాలు, అవే తేదీల్లో 7 శాతం వడ్డీ వచ్చే డిపాజిట్‌లో వేస్తే ఏడాది చివర వచ్చే వడ్డీ సుమారు 2,246 రూపాయలు. షాపు ఇచ్చేది 5,000. తేడా 2,754. ఆ లెక్క ఇక్కడితో ఆగిపోతే అందరూ స్కీములోనే చేరాలి. కానీ డిపాజిట్ చేతికి నగదు ఇస్తుంది, ఆ నగదుతో ఏ షాపుకైనా వెళ్లవచ్చు. స్కీము ఇచ్చేది ఆ ఒక్క షాపులో, ఆ షాపు వేసే తరుగుతో, ఆ రోజు బోర్డు రేటుకు కొనే హక్కు మాత్రమే. కిందికి వచ్చే లెక్క ఇక్కడ మొదలవుతుంది.

నగ ధర మూడు ముక్కలు. నికర బరువుకు ఆ రోజు గ్రాము రేటు, దాని మీద తరుగు, మజూరీ కలిపి షాపులు వీఏ అని రాసే శాతం, ఆ రెండూ కలిపిన మొత్తం మీద 3 శాతం జీఎస్టీ. 22 క్యారెట్ల గ్రాము రేటు ఒకే ఊళ్లో షాపు షాపుకూ పెద్దగా మారదు. జీఎస్టీ ఎక్కడైనా ఒకటే. మారేదల్లా వీఏ. మెషీన్ మీద చేసిన సాదా గొలుసుకు ఒక రకం, నక్షీ పనికీ, రాళ్లు పొదిగిన సెట్లకూ మరో రకం, అందులోనూ షాపుకొక శాతం. షాపు లాభం చాలావరకు ఇక్కడే ఉంటుంది. బోనస్ కూడా ఇందులోంచే వస్తుంది.

ఒక బిల్లు వేసి చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి గ్రాము రేటు 10,000 అనుకుందాం. స్కీము ఉన్న షాపులో 5.110 గ్రాముల గొలుసు, వీఏ 14 శాతం. బంగారం విలువ 51,100. వీఏ 7,154. రెండూ కలిపి 58,254. జీఎస్టీ 1,748. మొత్తం 60,002. స్కీములోని 60,000 పోను రెండు రూపాయలు ఇచ్చి గొలుసు ఇంటికి తెచ్చుకోవచ్చు. చేతి నుంచి పోయింది 55,002.

అదే బరువు, అదే పనితనం ఉన్న గొలుసుకు పక్క వీధి షాపులో వీఏ 10 శాతం అనుకుందాం. బంగారం 51,100, వీఏ 5,110, కలిపి 56,210, జీఎస్టీ 1,686, మొత్తం 57,896. ఆ గొలుసు బయట దొరికే ధర ఇది. కాబట్టి స్కీము వల్ల నిజంగా మిగిలింది 5,000 కాదు, 57,896లోంచి 55,002 తీసేస్తే వచ్చే 2,894. దీన్ని మళ్లీ 7 నెలల సగటుతో ఏడాదికి మారిస్తే రాబడి 15.6 నుంచి 9 శాతానికి వచ్చింది. వీఏలో నాలుగు శాతం తేడా రాబడిలో ఆరున్నర శాతాన్ని తినేసింది. ఇంత గట్టిగా తగలడానికి కారణం, వీఏ పడేది నగ మొత్తం విలువ మీద. బోనస్ మాత్రం పన్నెండింట ఒక వంతే.

ఇంకా ముందుకు వెళితే ఒక అందమైన అంకె బయటపడుతుంది. బయట వీఏ 10 శాతం ఉన్నప్పుడు స్కీము షాపులో వీఏ 20 శాతం అయితే బోనస్ మొత్తం కచ్చితంగా సున్నా అవుతుంది. బయట 1.10తో గుణించే చోట ఇక్కడ 1.20తో గుణిస్తారు. ఆ రెండింటి నిష్పత్తి, 60,000కూ 55,000కూ ఉన్న నిష్పత్తి ఒకటే, 12కు 11. బోనస్ ఇచ్చిన చేతితోనే షాపు దాన్ని వెనక్కి తీసుకున్నట్టు. ఏడాది పాటు వాయిదాలు కట్టి, చివరికి నగదు పెట్టి బయట కొన్నవారితో సమానంగా మిగులుతాం.

డిపాజిట్‌తో పోల్చినప్పుడు గీత ఇంకా ముందే వస్తుంది. 7 శాతం డిపాజిట్‌తో 57,246 చేతికి వస్తుంది. బయట వీఏ 10 శాతం అయితే స్కీము షాపులో వీఏ సుమారు 15.3 శాతం దాటిన క్షణం నుంచీ డిపాజిట్ డబ్బుతో బయట కొనడమే లాభం. ఒక్క మాటలో చెప్పాలంటే, బయటి షాపు కన్నా ఐదు శాతానికి మించి వీఏ ఎక్కువ ఉన్న చోట ఈ స్కీము దండగ. డిపాజిట్ వడ్డీ మీద ఆదాయపు పన్ను కట్టేవారికి ఈ గీత ఇంకాస్త పైకి, ఆరు శాతం వైపు జరుగుతుంది.

ఈ తేడాను నగ కొనే రోజు కాదు, చేరే ముందే కనిపెట్టవచ్చు. తీసుకోదలచుకున్న రకం నగ, గొలుసైతే గొలుసు, గాజులైతే గాజులు, ఎంచుకుని ఆ షాపులో ఎస్టిమేట్ కాగితం అడగాలి. స్కీము ఊసెత్తకుండా నగదు కొనుగోలు అన్నట్టే అడగాలి. నికర బరువు, వీఏ శాతం, రాళ్ల ధర విడివిడిగా రాయించుకోవాలి. తర్వాత వీఏ మీద బేరం ఆడి ఎంతవరకు తగ్గుతారో చూడాలి. ఇది ముఖ్యం, ఎందుకంటే నగదుతో వచ్చినవారికి వీఏలో తగ్గింపు ఇచ్చే షాపుల్లో చాలావరకు స్కీము వారికి ఆ తగ్గింపు వర్తించదని నిబంధనల్లోనే రాసి ఉంటుంది. 14 అని రాసిన వీఏ నగదుకు 11కు వచ్చే షాపులో, స్కీము సభ్యులు 14 కడతారు. అప్పుడు పోలిక పక్క వీధి షాపుతో అవసరమే లేదు, అదే షాపు అదే కౌంటర్లో నగదు ధరతో పోల్చుకున్నా బోనస్‌లో దాదాపు మూడో వంతు పోయినట్టు తేలుతుంది.

బరువు దగ్గర కూడా కన్నేసి ఉంచాలి. రాళ్లు, పూసలు, మైనం ఉన్న నగలో మొత్తం బరువుకు బంగారం రేటు కడితే పై లెక్కలన్నీ వృథా. నికర బరువు విడిగా ఉండాలి, వీఏ దాని మీదే పడాలి. హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ కోడ్ నగ మీద ఉండటం 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే నగ రకం, స్వచ్ఛత కనిపిస్తాయి. ఇంకో చిన్న సంగతి. బోనస్‌ను బిల్లులోనే తగ్గింపుగా చూపితే జీఎస్టీ మిగతా మొత్తం మీదే పడుతుంది. షాపు తన వాయిదా తాను కట్టినట్టు చూపితే పూర్తి ధర మీద పడుతుంది. 5,000 బోనస్‌కు తేడా 150 రూపాయలు. పెద్ద మొత్తం కాదు, కానీ అడిగితే చెప్పే షాపు ఏదో దీంతోనే తెలిసిపోతుంది.

బంగారు బిస్కెట్టు, కాసు తీసుకుంటే వీఏ గొడవ ఉండదు కదా అనిపిస్తుంది. అందుకే చాలా షాపులు స్కీము డబ్బుతో కాసులు ఇవ్వవు, ఇచ్చినా బోనస్ కలపవు. వీఏ లేని చోట బోనస్ ఇవ్వడానికి వారికి డబ్బు రాదు.

ఇక బంగారం ధర సంగతి. స్కీములు రెండు రకాలు. ఒకదానిలో వాయిదాలు రూపాయలుగానే పేరుకుంటాయి, నగ తీసుకునే రోజు రేటుకు బంగారం వస్తుంది. ఇంకోదానిలో కట్టిన ప్రతి వాయిదాకు ఆ రోజు రేటు ప్రకారం గ్రాములు జమవుతాయి. బోనస్ ఉన్నవి ఎక్కువగా మొదటి రకం. అందులో ధర పెరిగితే ఆ పెరుగుదల మొత్తం కొనేవారి నెత్తిన పడుతుంది, బోనస్ మాత్రం 5,000 దగ్గరే ఉంటుంది. ఏడాదిలో ధర నెలనెలా సమంగా పెరుగుతూ 20 శాతం ఎక్కిందనుకుందాం. గ్రాముల స్కీములో, ఏ బోనస్ లేకపోయినా, పదకొండు వాయిదాలతో జమైన బంగారం చివరి రోజు రేటుకు 61,068 రూపాయల విలువ చేస్తుంది. రూపాయల స్కీములో బోనస్‌తో కలిపి ఉన్నది 60,000. రెండూ సమమయ్యేది ధర సుమారు 16 శాతం పెరిగినప్పుడు. ఇది యాదృచ్ఛికం కాదు, మొదట తేలిన 15.9 శాతం రాబడే ఇక్కడ మళ్లీ కనిపిస్తోంది. ధర అంతకన్నా తక్కువ పెరిగినా, తగ్గినా రూపాయల స్కీము నయం. రేటు ఎటు పోతుందో ముందే చెప్పగలిగినవారు లేరు కాబట్టి, ఫలానా తేదీకి ఇన్ని గ్రాములు తప్పక కావాలనుకునేవారికి గ్రాముల పద్ధతి నిశ్చింత, ఇంత డబ్బుకు ఏదో ఒక నగ చాలనుకునేవారికి రూపాయల పద్ధతి చాలు.

పదకొండు నెలలే ఎందుకనే ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. 2014 నాటి కంపెనీల డిపాజిట్ నిబంధనల ప్రకారం, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లోపు సరుకుగా ఇచ్చి సర్దుబాటు చేయాలి. దాటితే అది డిపాజిట్ కిందికి వస్తుంది, దానికి వేరే నియమాలు వర్తిస్తాయి. అంతకు ముందు ఉన్న 18 నెలల, 24 నెలల స్కీములు ఆ తర్వాత కనుమరుగు కావడానికి ఇదే కారణం. ఇప్పటికీ ఏడాదికి మించి డబ్బు అట్టిపెట్టుకుంటామని, లేదా నగ బదులు బోనస్‌తో సహా నగదు తిరిగి ఇస్తామని ఎవరైనా చెబితే అక్కడ ఆగిపోవాలి. అది సరుకు అడ్వాన్సు కాదు, డబ్బు సేకరణ. అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో వచ్చిన చట్టం కంపెనీలకే కాదు, ఒకే యజమాని నడిపే షాపుకూ భాగస్వామ్య సంస్థకూ వర్తిస్తుంది.

రాబడి ఎంత వచ్చినా దాని వెనుక ఉన్న పూచీ వేరు. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల వరకు బీమా ఉంది. స్కీము డబ్బుకు ఏ బీమా లేదు, ఏ తాకట్టూ లేదు. షాపు మూతపడితే వాయిదాలు కట్టినవారు మిగతా అప్పులవాళ్లతో పాటు వరుసలో నిలబడాల్సిందే. 2019లో మహారాష్ట్రలో ఒక నగల సంస్థ ఉన్నట్టుండి షాపులు మూసేసినప్పుడు స్కీములో కట్టినవారు పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగారు. ఏడాదికి 9 శాతమో 15 శాతమో అంటున్నప్పుడు అందులో కొంత ఈ భయానికి ప్రతిఫలమే అని గుర్తుపెట్టుకోవాలి. షాపు కన్నా ముందు అది ఇస్తానంటున్న బోనస్ ఎంతో చూడాలి. ఊళ్లో మిగతావారు పదకొండు నెలలకు ఒక వాయిదా ఇస్తుంటే ఒక్క షాపే రెండు వాయిదాలు ఇస్తానంటే, పైన చెప్పిన 7 నెలల లెక్కలో అది ఏడాదికి 31 శాతం. ఏ వీఏ లాభమూ అంత వడ్డీని మోయలేదు. అలాంటి చోట పాత సభ్యుల నగలకు కొత్త సభ్యుల వాయిదాలే ఆధారం అవుతాయి.

ప్రతి వాయిదాకు రసీదు లేదా బ్యాంకు ద్వారా చెల్లించిన రుజువు ఉంచుకోవాలి. స్కీము కార్డు మీద స్టాంపు ఒక్కటే చాలదు. చేరే రోజు ఇచ్చే నిబంధనల కాగితంలో నాలుగు సంగతులు రాతపూర్వకంగా ఉన్నాయో లేదో చూడాలి: బోనస్ ఎంత, ఏ తేదీ నుంచి నగ తీసుకోవచ్చు, మధ్యలో మానేస్తే డబ్బు నగదుగా వస్తుందా నగగానే వస్తుందా, వీఏకు గరిష్ఠ పరిమితి ఏదైనా ఉందా. నాలుగోది చాలా షాపులు రాయవు. వీఏ ఇంత శాతం మించదని కాగితం మీద రాసిచ్చే షాపు దొరికితే, దాని బోనస్ ముప్పాతిక వాయిదాయే అయినా, పూర్తి వాయిదా ఇచ్చి వీఏ విషయం దాటవేసే షాపు కన్నా చివరి బిల్లు చాలాసార్లు తక్కువే వస్తుంది.